ధర చీటీ మీద లేని నాలుగో వంతు

మా మంగంపేట ముగ్గురాయి పొడి అయి, ఓడలెక్కి, చమురు బావులు తవ్వే దేశాలకు పోతుంది. అటు గల్ఫ్‌కూ పోతుంది, ఇటు అమెరికాకూ పోతుంది. మా మనుషులు కూడా అదే దోవ పట్టినారు. మా తరంలో ఇంటికొకరు కువైట్ పోతే, మా పిల్లల తరం టెక్సాస్ పోతోంది. మా అమ్మాయి కాపురం డాలస్ పక్కన ఉండే ఫ్రిస్కోలో. మనవడు పుట్టినప్పుడు పోయి ఆరు నెలలు ఉండి వచ్చినాను.

పిల్లలు విమానం ఎక్కేటప్పుడు మనం ఏమేమి కట్టిస్తామో మీకు చెప్పనక్కర్లేదు. చెనిక్కాయల పొడి, కారంపొడి, ఊరగాయ, మందులు, కుక్కరుకు అదనపు గ్యాస్కెట్టు. అక్కడి చలి గురించి చెప్తాం, కారు జాగ్రత్త అంటాం. కానీ అక్కడ ఒక వస్తువు మీద రాసిన ధరను ఎట్లా చదువుకోవాలో చెప్పి పంపే తల్లిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ ఊరికి కొత్తగా పోయినవాళ్ళు మొదటి నెలలో తడబడేది, నాలుగేళ్ళయినా ఇంట్లో వాదించుకునేది ఆ ధర దగ్గరే. ముఖ్యంగా హోటల్ బిల్లు దగ్గర. ఆ బిల్లులో టిప్పు అనే గీత ఉంటుంది చూడండి, అది ఇనాము కాదు, కూలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో నిదానంగా చెప్తాను.

ముందు అంగడి సంగతి. మనకు చిన్నప్పటినుంచి ఒక అలవాటు ఉంది. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే ఎమ్మార్పీ ఉంటుంది, దాని పక్కనే అన్ని పన్నులూ కలిపి అని ఉంటుంది. ఇది అంగడివాళ్ళ మంచితనం కాదు, చట్టం. ప్యాకెట్ సరుకు మీద పన్నులతో కలిపిన ధర అచ్చు వేయాల్సిందే, అంతకుమించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. అందుకే రాజంపేటలో అయినా హైదరాబాదులో అయినా చేతిలో ఇరవై రూపాయలుంటే ఇరవై రూపాయల సబ్బు కొనుక్కొని బయటికి వస్తాం. కువైట్‌లో అయితే అమ్మకం పన్నే లేదు. ఇరవై ఏళ్ళు అక్కడున్న మా తమ్ముడికి కూడా చీటీ మీద రాసిందే ధర.

డాలస్‌లో అట్లా కాదు. అక్కడ దేశం మొత్తానికీ ఒకటే అమ్మకం పన్ను అనేది లేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది, దాని మీద ఊరి పన్ను వేరే. టెక్సాస్‌లో రాష్ట్రానికి 6.25 శాతం, ఊరికీ మిగతా స్థానిక సంస్థలకూ కలిపి ఎక్కువలో ఎక్కువ 2 శాతం. డాలస్, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, ఇట్లా మనవాళ్ళు ఉండే ఊర్లలో మొత్తం 8.25 శాతం పడుతుంది. అరల మీద అతికించిన చీటీలో ఈ పన్ను ఉండదు. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టేటప్పుడు వచ్చి కలుస్తుంది. ఒరెగాన్, డెలావేర్ లాంటి రాష్ట్రాల్లో అసలు ఈ పన్నే లేదు కాబట్టి, అక్కడ చదువుకొని టెక్సాస్‌కు ఉద్యోగానికి వచ్చిన పిల్లలకు కూడా ఇది కొత్తే.

అన్నిటికీ పన్ను పడుతుందా అంటే పడదు. వంటింటికి సంబంధించిన ఈ సంగతి మనం తెలుసుకోవాల్సిందే. టెక్సాస్‌లో ఇంట్లో వండుకునే సరుకుల మీద అమ్మకం పన్ను లేదు. బియ్యం, పప్పు, పిండి, పాలు, కూరగాయలు, పండ్లు రాసిన ధరకే వస్తాయి. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, సబ్బులు, గిన్నెలు, బట్టలు, వీటికి పన్ను ఉంటుంది. అదే అంగట్లో వేడివేడిగా అమ్మే సమోసాకు కూడా ఉంటుంది, ఎందుకంటే అది సరుకు కాదు, వండిన తిండి.

మా అమ్మాయి ఇంటి దగ్గర కొత్తగా చదువుకు వచ్చిన ఒక పిల్లను వెంటబెట్టుకొని ఇండియన్ స్టోరుకు పోయినాం. ఆ పిల్ల చేతిలో 95 డాలర్ల నోట్లున్నాయి, ఇంకా బ్యాంకు కార్డు రాలేదు. బియ్యం మూట 18, కందిపప్పు 8, సబ్బులు 5, కుక్కర్ 60. నోటితో కూడుకుంటూ 91 అనుకుంటూ వచ్చింది. నాలుగు డాలర్లు మిగులుతాయని ధైర్యం. బియ్యానికీ పప్పుకూ పన్ను లేదు. కుక్కరూ సబ్బులూ కలిపి 65 డాలర్లకు పన్ను 5 డాలర్ల 36 సెంట్లు. బిల్లు 96.36 అయ్యింది. వెనక వరసలో నలుగురు నిలబడి ఉంటే ఆ పిల్ల ముఖం ఎర్రబడి సబ్బులు పక్కన పెట్టబోయింది. మా అమ్మాయి ఇచ్చేసిందిలెండి. కానీ ఆ పిల్లకు ఎక్కాలు రాక కాదు గదా ఇట్లా అయ్యింది, రాసిన ధర పూర్తి ధర అనే నమ్మకంతో పెరగడం వల్ల. తిండి సరుకు కానిదానికి వందకు ఎనిమిదీ చిల్లర కలుపుకో అని ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

పన్ను గొడవ ఇంతే. ఇవ్వక తప్పదు కాబట్టి దాని మీద ఎవరూ వాదించరు. వాదన అంతా ఇవ్వకపోయినా ఎవరూ పట్టుకోని రెండో గీత దగ్గర.

మనవడి పేరు పెట్టడం అయినాక ఒక శనివారం సాయంత్రం ఎనిమిది మందిమి అమెరికా వాళ్ళ హోటల్‌కు పోయినాం. మేమిద్దరం, కూతురూ అల్లుడూ, వియ్యంకుడూ వియ్యపురాలూ, అల్లుడి స్నేహితుడు, వాళ్ళావిడ. మన ఊర్లో హోటల్‌కు పోతే ఏం చేస్తాం? ఖాళీ కుర్చీ కనబడితే పోయి కూర్చుంటాం. లేకుంటే తింటున్నవాళ్ళ వెనకాల నిలబడి వాళ్ళ మజ్జిగన్నం ఎప్పుడవుతుందా అని చూస్తాం. అక్కడ వాకిట్లోనే ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. పేరు, ఎంతమంది అనేది చెప్పి ఆగాలి. లోపల పది కుర్చీలు ఖాళీగా కనబడుతున్నా పిలిచేదాకా పోకూడదు. మా వియ్యంకుడికి అది నచ్చలేదు. "అన్ని ఖాళీలుంటే ఎందుకమ్మా నిలబెట్టేది?" అన్నాడు.

దానికి కారణం ఉంది. హోటల్‌ను భాగాలుగా పంచి ఒక్కో భాగం ఒక్కో వడ్డించే మనిషికి అప్పజెబుతారు. వచ్చినవాళ్ళను వంతులవారీగా ఒక్కొక్కరి భాగంలో కూర్చోబెడతారు. ఆ టేబుల్ మీద వచ్చే టిప్పు ఆ మనిషి చేతికి వస్తుంది కాబట్టి, ఎవరి వంతు ఎప్పుడు అనేది వాళ్ళకు కూలి లెక్క. మనం మన ఇష్టం వచ్చిన చోట కూర్చుంటే ఒకరి వంతు తీసి ఇంకొకరికి ఇచ్చినట్టు. వరసలో మనకు కనబడేది మన ముందున్న మనిషి మాత్రమే, లోపల వాళ్ళ వరస కూడా ఒకటి నడుస్తుంటుంది.

కూర్చున్నాక ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి, తన పేరు చెప్పి, మీరంతా ఎట్లా ఉన్నారు అని అడిగింది. మా వియ్యపురాలు పాపం మోకాళ్ళ నొప్పుల సంగతి ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ ఉంది. అల్లుడు నవ్వి, బాగున్నాం, మీరెట్లా ఉన్నారు అని ముగించేసినాడు. చాలామంది మనవాళ్ళు దీన్ని ఉత్తుత్తి పలకరింపు అని తీసిపారేస్తారు. నాకు అట్లా అనిపించదు. మన వీధిలో ఎవరైనా ఎదురుపడితే "యాడికి పోతాండావు?" అంటాం. జవాబు కోసం ఆగుతామా? "ఇట్లా పోయొస్తా" అంటే చాలు. ఎక్కడికో చెప్పలేదని ఎవరూ అనుకోరు. అక్కడి పలకరింపు కూడా అంతే. నువ్వు కనబడ్డావు, నిన్ను మనిషిగా చూసినాను అని చెప్పడమే. మారుమాట పలకకుండా తలకాయ వంచి మెనూ చూడటమూ, పలకరింపుకు బదులు చెప్పకుండా నేరుగా నీళ్ళు తెమ్మనడమూ వాళ్ళకు మొరటుగా అనిపిస్తాయి. వేలు చూపించి పిలవడం, చిటిక వేయడం అయితే ఇంకా కష్టం.

తిన్నాం. ఒకసారి నీళ్ళు, ఇంకోసారి నిమ్మకాయ, మాంసం లేనిది ఏదో మళ్ళీ అడగడం, పిల్లోడి కోసం ఎత్తు కుర్చీ, ఇట్లా ఆ అమ్మాయిని పది సార్లు తిప్పినాం. గంటన్నర తరువాత బిల్లు వచ్చింది. ఆ బిల్లునే ఇప్పుడు మీకు విప్పి చెప్తాను, ఎందుకంటే అసలు విషయమంతా దాంట్లోనే ఉంది.

మెనూ ధరల ప్రకారం తిన్నది 200 డాలర్లు. దీన్ని సబ్‌టోటల్ అంటారు. దాని కింద పన్ను 16 డాలర్ల 50 సెంట్లు. కలిపి 216.50. ఆ కింద రెండు గీతలు ఖాళీగా ఉంటాయి, ఒకటి టిప్పుకు, ఒకటి మొత్తానికి. ముందు కార్డు తీసుకుపోయి 216.50కి గీకి, రెండు కాగితాలు తెచ్చి ఇస్తారు. ఒకటి మనకు, ఒకటి హోటల్‌కు. హోటల్ కాగితం మీద టిప్పు ఎంతో రాసి, మొత్తం కూడి, సంతకం చేసి అక్కడే పెట్టి రావాలి. అల్లుడు 36 అని రాసినాడు, 200కు 18 శాతం. మొత్తం 252.50. ఫోనుకు మాత్రం 216.50 అనే వచ్చింది. ఒకటి రెండు రోజుల తరువాత అదే 252.50 అయ్యింది. కార్డు గీకేటప్పటికి టిప్పు ఇంకా రాయలేదు కాబట్టి అట్లా అవుతుంది. కొత్తవాళ్ళు దీన్ని చూసి మోసం జరిగిందని బ్యాంకుకు ఫోన్ చేస్తుంటారు. మన కాగితం మీద కూడా అంకె రాసుకొని దాచుకుంటే సరిపోల్చుకోవచ్చు.

18 శాతం లెక్క కట్టడం కష్టమనుకునేవాళ్ళకు మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. డాలస్ చుట్టుపక్కల పన్ను 8.25 కాబట్టి, బిల్లులో పన్ను అంకెను రెండింతలు చేస్తే 16.5 శాతం వస్తుంది. దానికి కొంచెం కలిపితే అయిపోయింది. మా బిల్లులో పన్ను 16.50, రెండింతలు 33, ఇంకో మూడు కలిపితే 36. టిప్పును పన్ను కలపకముందు ఉన్న అంకె మీద కడతారు, పన్ను మీద టిప్పు ఇవ్వనక్కర్లేదు. కూర్చొని తినే చోట 15 నుంచి 20 దాకా ఇవ్వడం వాడుక.

మా వియ్యంకుడు ఆ 36 చూసి ఊరుకోలేదు. "తిన్నదానికి డబ్బులిచ్చినాం గదా? వడ్డించినందుకు వాళ్ళ ఓనరు జీతం ఇస్తాడు గదా? మళ్ళీ మనమెందుకు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మన హోటళ్ళలో సోంపు ప్లేటులో చిల్లర వదిలి వస్తాం. అది మన సంతోషం. వదలకపోయినా సర్వర్ జీతం తగ్గదు. మన దేశంలో అయితే 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ సర్వీస్ ఛార్జీని బిల్లులో బలవంతంగా కలపకూడదని చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అటువంటి దేశం నుంచి పోయిన మనిషికి ఆ 36 అన్యాయంగానే కనబడుతుంది.

కానీ అక్కడ ఓనరు ఇచ్చే జీతం ఎంతో తెలిస్తే ఆ ప్రశ్న మారిపోతుంది. అమెరికా చట్టం ప్రకారం గంటకు కనీస కూలి 7 డాలర్ల 25 సెంట్లు. టిప్పులు వచ్చే పనివాళ్ళకు మాత్రం ఓనరు గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు. ఈ 2.13 అనే అంకె 1991 నుంచి మారలేదు. టెక్సాస్‌లో నడిచేది ఇదే. మిగతా 5 డాలర్ల 12 సెంట్లు టిప్పుల్లో వస్తాయని చట్టమే లెక్క వేసుకుంటుంది. అంటే ఓనరు ఇవ్వాల్సిన కూలిలో పెద్ద భాగాన్ని తినడానికి వచ్చినవాళ్ళ మీద పెట్టినారు. ఆ వారం మొత్తం టిప్పులు కలిపినా గంటకు 7.25 రాకపోతే తేడా ఓనరే ఇవ్వాలి, నిజమే. కానీ అది వారం లెక్క. శుక్రవారం బాగా వచ్చి ఉంటే, శనివారం మనం ఇవ్వని టేబుల్‌కు ఓనరు ఏమీ ఇవ్వడు. నాలుగు గంటలు నిలబడి వడ్డిస్తే ఓనరు నుంచి ఆ అమ్మాయికి వచ్చేది 8 డాలర్ల 52 సెంట్లు. మిగతాదంతా ఆ ఖాళీ గీత మీద మనం రాసేదే.

ఇంకొక సంగతి ఉంది. ఇది నాకు మా అమ్మాయి స్నేహితురాలు చెప్పింది. ఆమెది అనంతపురం వైపు. డిగ్రీ చదివిన మనిషి. భర్త వీసా మీద పోయి, పని చేసుకునే అనుమతి వచ్చినాక, పిల్ల బడికి పోవడం మొదలయ్యాక, సాయంత్రాలు ఒక ఇండియన్ హోటల్లో వడ్డించే పనికి చేరింది. ఆమె పని చేసే చోట ఒక కట్టు ఉంది. ఎవరు ఎంత అమ్మితే దాంట్లో వందకు మూడు వంతున, గిన్నెలు తీసే పిల్లలకూ నీళ్ళు పోసేవాళ్ళకూ తన టిప్పుల్లోంచి ఇవ్వాలి. వచ్చిన టిప్పును బట్టి కాదు, అమ్మకాన్ని బట్టి.

"ఒక రాత్రి మనవాళ్ళు పది మంది వచ్చినారు పిన్నీ. పుట్టినరోజు. మూడు గంటలు కూర్చున్నారు. నేను తెలుగు మాట్లాడేసరికి ఎంత సంబరపడినారో. ఉల్లిపాయలు, నిమ్మకాయలు, అక్కా ఇంకొంచెం చట్నీ, అక్కా ఇంకొంచెం సాంబారు. బిల్లు 240 అయ్యింది. పోయేటప్పుడు రెండు డాలర్లు పెట్టి పోయినారు. నేను 240కి మూడు శాతం, ఏడు డాలర్ల ఇరవై సెంట్లు లోపలివాళ్ళకు ఇవ్వాలి. వాళ్ళకు వడ్డించినందుకు నా చేతి నుంచి ఐదు డాలర్ల ఇరవై సెంట్లు పోయింది" అని చెప్పింది. కోపంతో చెప్పలేదు, నవ్వుతూనే చెప్పింది. "డబ్బు పోతే పోనీ. ఆ తరువాత మన ముఖాలు వాకిట్లో కనబడితే తోటి అమ్మాయిలు, ఇది నీ టేబుల్ అని నా మీదికి తోస్తారు. అదే కష్టంగా ఉంటుంది" అంది.

ఈ మాట విన్నాక టిప్పును గురించి దానం, దయ, గొప్ప అనే మాటలు నాకు రావడం లేదు. పొలంలో కలుపు తీయించుకొని, సాయంత్రం కూలి దగ్గర, నాకు ఈ పద్ధతి నచ్చలేదు అంటే ఒప్పుకుంటామా? పద్ధతి నచ్చకపోతే పొద్దున పనిలోకి పిలవకముందే చెప్పాలి. ఇదీ అంతే. ఆ పది మందిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు ఆ రెండు డాలర్లు సోంపు ప్లేటు చిల్లర. ఆమెకు అది ఆ రాత్రి కూలి.

పద్ధతి మంచిదా అంటే, మంచిది కాదనే నేను అంటాను. మన ఎమ్మార్పీ పద్ధతే మేలు. కొనేవాళ్ళకు ముందే పూర్తి ధర తెలియాలి, పనిచేసేవాళ్ళ కూలి ఓనరు ఇవ్వాలి. మన దగ్గర కూడా పెద్ద హోటళ్ళలో మెనూ ధర మీద జీఎస్టీ విడిగా కలుపుతారు గానీ, సర్వర్ బువ్వ మన బుద్ధి మీద ఆధారపడదు. అమెరికాలోనే కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో టిప్పులు వచ్చేవాళ్ళకు కూడా పూర్తి కనీస కూలి ఇవ్వాల్సిందే. అంటే మార్చుకోవచ్చు. కానీ టెక్సాస్ చట్టం మారాలని మనం ఆ అమ్మాయికి ఎగ్గొడితే చట్టానికి ఏమీ కాదు, ఓనరుకు తన 200 వచ్చేసింది, ప్రభుత్వానికి తన 16.50 వచ్చేసింది. నష్టపోయేది ఒక్క ఆమె.

అట్లని చెయ్యి చాపిన ప్రతిచోటా ఇవ్వమని కాదు. ఇప్పుడు కాఫీ అంగడిలో, పార్సెల్ తీసుకునే చోట కూడా డబ్బు కట్టే తెర మన వైపు తిప్పుతారు. 18%, 20%, 25% అని పెద్ద గడులు, కింద చిన్నగా No Tip అని ఉంటుంది. వెనక మనుషులు నిలబడి ఉంటే మొహమాటానికి ఏదో ఒకటి నొక్కేస్తాం. కౌంటర్ దగ్గర పొట్లం అందించే పనివాళ్ళకు మామూలుగా 2.13 లెక్క ఉండదు, పూర్తి కూలే ఉంటుంది. అక్కడ No Tip నొక్కడం తప్పేమీ కాదు, ఎవరూ ఏమీ అనుకోరు. సరుకుల అంగడిలో ఇవ్వనక్కర్లేదు. ఇంటికి తిండి తెచ్చేవాళ్ళకు, జుట్టు కత్తిరించేవాళ్ళకు, టాక్సీవాళ్ళకు ఇవ్వడం వాడుక. ఎక్కడ ఇవ్వాలో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెప్తాను. మనం కూర్చొని ఉంటే మన కోసం ఇంకొకరు కాళ్ళూ చేతులూ తిప్పే చోట ఇవ్వాలి, మనమే పోయి తెచ్చుకునే చోట మన ఇష్టం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆరుగురో ఎనిమిది మందో దాటితే కొన్ని హోటళ్ళు వాళ్ళే 18 శాతం కలిపేస్తాయి. బిల్లులో దాన్ని గ్రాట్యుటీ అని రాస్తారు. మన ఇళ్ళల్లో గ్రాట్యుటీ అంటే మగవాళ్ళు రిటైర్ అయినప్పుడు వచ్చే డబ్బు. మా ఆయన ఆ మాట చూసి, "నాకు ముప్పై ఏళ్ళు గనిలో పనిచేస్తే వచ్చింది, వీళ్ళకు గంటకే వస్తుందే!" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఆ మాట బిల్లులో ఉంటే కింద గీత ఖాళీగా వదిలేయొచ్చు. చూడకుండా రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టు. సంతకానికి ముందు బిల్లు మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదవమని పిల్లలకు చెప్పండి.

చివరిగా ఆడవాళ్ళం మనం చేసే లెక్క. మెనూలో 200 అయితే పన్నూ టిప్పూ కలిసి 252.50 అయ్యింది. అంటే నూటికి ఇరవై ఆరు పైన. కాబట్టి టెక్సాస్‌లో కూర్చొని తినబోయే ముందు మెనూ ధరకు నాలుగో వంతు, ఇంకో చిటికెడు కలుపుకొని, అదే ధర అనుకోవాలి. ఎనిమిది మందికి మనిషికి 25 కాదు, దగ్గర దగ్గర 32. ఆ 32 మనకు కుదిరితే పోయి కూర్చుందాం. కుదరకపోతే పార్సెల్ తెచ్చుకొని ఇంట్లో తిందాం, దాంట్లో నామోషీ ఏమీ లేదు. చదువుకునే పిల్లలు అట్లాగే చేయాలి కూడా. కూర్చొని, పది సార్లు తిప్పించుకొని, ఆ నాలుగో వంతును మాత్రం మిగుల్చుకొని రావడం పొదుపు కాదు.

మొన్న మా పక్కింటి వదిన కొడుకు డాలస్‌కే పోతున్నాడని పొడులు కట్టుకుంటూ ఉంటే పోయినాను. ఎనిమిది పావు, నాలుగో వంతు, సంతకానికి ముందు బిల్లు చదవాలి అని ఒక కాగితం మీద రాసి, చెనిక్కాయల పొడి డబ్బా మూతకు అతికించి వచ్చినాను.